సూపర్‌ట్రెండ్ ఆరుసార్లు తిరిగింది, ఆరుసార్లూ నష్టమే. షేరు మాత్రం ఉన్నచోటే ఉంది

భీమవరం_మేతకొట్టు
ఒక స్టాక్ ఫ్యూచర్‌లో 15 నిమిషాల చార్ట్ మీద సూపర్‌ట్రెండ్ (10, 3) పెట్టుకుని ట్రేడ్ చేస్తున్నాను. లైను పచ్చగా మారితే కొంటాను. ఎర్రగా మారితే ఉన్నది అమ్మి, అక్కడే షార్ట్ తీసుకుంటాను. గత నెలలో ఇదే పద్ధతిలో ఒక్క కదలికలోనే 60 రూపాయలు వచ్చింది. అందుకే నమ్మకం కుదిరింది.

ఈ వారం పరిస్థితి చూడండి. 1506 దగ్గర కొన్నాను, 1494లో లైను ఎర్రబడింది. 1494 షార్ట్, 1507లో పచ్చబడింది. 1507లో కొన్నది 1495లో పోయింది. 1495 షార్ట్ 1505లో, 1505 కొన్నది 1493లో, 1493 షార్ట్ మళ్ళీ 1505లో. మొత్తం 71 రూపాయలు నష్టం. లాటు వెయ్యి, కాబట్టి 71 వేలు. బ్రోకరేజీ, పన్నులు వేరే. ఇంతా చేస్తే షేరు సోమవారం 1500, శుక్రవారం 1501.

ఒక్కసారి కూడా నియమం తప్పలేదు. మరి తప్పు ఎక్కడ జరిగింది? సెట్టింగ్ మార్చాలా, లేక ఇండికేటరే పనికిరాదా? రాత్రి నిద్ర పట్టడం లేదు.

రావులపాలెం_రాజు
మల్టిప్లయర్ 3 చాలా దగ్గర అండి. 4 పెట్టండి, సగం సిగ్నల్స్ ఆగిపోతాయి. నేను రెండేళ్ళుగా అదే వాడుతున్నాను.

ఉండి_చెరువుగట్టు
నాకూ ఇదే బాధ. అలర్ట్ వస్తుంది, కొంటాను, పది నిమిషాల తర్వాత చార్ట్ చూస్తే అక్కడ సిగ్నలే ఉండదు! ఈ యాప్‌లన్నీ మోసం.

కాకినాడ_కోడింగ్
@ఉండి_చెరువుగట్టు అన్నా, మీది వేరే సమస్య. సూపర్‌ట్రెండ్ తిరిగిందా లేదా అన్నది క్యాండిల్ ముగింపు ధర బట్టి తేలుతుంది. క్యాండిల్ ఇంకా నడుస్తుండగా ధర లైను దాటితే రంగు మారినట్టు కనిపిస్తుంది, మళ్ళీ వెనక్కి వస్తే ఆ రంగు పోతుంది. అలర్ట్‌ను క్యాండిల్ ముగిశాకే వచ్చేలా పెట్టుకోండి, మాయమయ్యే సిగ్నల్స్ ఉండవు. భీమవరం గారివి మాత్రం ముగిసిన క్యాండిల్స్ మీద వచ్చిన నిజమైన సిగ్నల్సే.

ఉండి_చెరువుగట్టు
ఓహో. అలర్ట్‌లో ఆ ఆప్షన్ ఉంది, ఇన్నాళ్ళూ చూడలేదు. థాంక్స్ తమ్ముడూ.

గోదారిగట్టు_మాస్టారు
భీమవరం గారూ, ఆ వారంలో షేరు కనిష్ఠం, గరిష్ఠం ఎంత? 15 నిమిషాల ఏటీఆర్, అంటే ఒక్కో క్యాండిల్ సగటు కదలిక, ఎంత ఉంది? ఈ రెండూ చెబితే తప్పు ఎక్కడుందో లెక్క వేసి చూపించవచ్చు.

భీమవరం_మేతకొట్టు
కనిష్ఠం 1488, గరిష్ఠం 1512. ఏటీఆర్ 6 దగ్గర ఉంది మాస్టారూ, ఒక్కోసారి 5కి దిగింది.

గోదారిగట్టు_మాస్టారు
సరే, నెమ్మదిగా చూద్దాం.

ఏటీఆర్ 6, మల్టిప్లయర్ 3. అంటే మీ లైను ధరకు 18 రూపాయల దూరంలో ఉంటుంది. షేరు కిందికి 1488 దాకా వెళ్ళినప్పుడు, పైన ఉన్న ఎర్ర లైను దాని వెంట దిగి 1488 + 18 = 1506 దగ్గర ఆగుతుంది. ఆ లైను దిగుతుందే కానీ, తిరగబడేదాకా పైకి ఎక్కదు. కాబట్టి షేరు 1506 పైన ముగిసినప్పుడే మీకు కొనమని వస్తుంది. కానీ రేంజ్ పైకప్పు 1512. మీరు కొన్నాక పైకి మిగిలింది 6 రూపాయలే.

షేరు 1512 తాకింది. ఇప్పుడు కింద ఉన్న పచ్చ లైను 1512 – 18 = 1494కి ఎక్కి కూర్చుంది. షేరు తిరిగి దిగి 1494 కింద ముగిస్తే అమ్మమంటుంది. 1506లో కొని 1494లో అమ్మారు, 12 నష్టం. షార్ట్ వైపు కూడా అద్దంలో చూసినట్టు అదే 12. మీ ఆరు ట్రేడ్లూ 10 నుంచి 13 మధ్యే ఉన్నాయి చూసుకోండి. అది దురదృష్టం కాదు, లెక్క ప్రకారమే వచ్చింది.

సూత్రంగా రాస్తే:

```
ఒక్కో ట్రేడ్ నష్టం = (2 × మల్టిప్లయర్ × ఏటీఆర్) − రేంజ్ వెడల్పు
                  = (2 × 3 × 6) − 24 = 12
```

అసలు లైను క్యాండిల్ మధ్య నుంచి కొలుస్తారు, తిరగడం ముగింపు ధర మీద జరుగుతుంది. అందుకే రూపాయో రెండో అటూ ఇటూ అవుతుంది.

దీన్నిబట్టి తెలిసేది ఏమిటంటే, (10, 3)తో లాభం రావాలంటే షేరు ఒకే దిక్కుగా 6 ఏటీఆర్‌ల కంటే ఎక్కువ నడవాలి. మొదటి మూడు సిగ్నల్ ఇవ్వడానికి పోతాయి, చివరి మూడు బయటికి రావడానికి పోతాయి. మీ షేరు నడిచింది 4 ఏటీఆర్‌లే.

భీమవరం_మేతకొట్టు
మాస్టారూ, రెండుసార్లు చదివాను. పోయిన నెల 60 వచ్చిన కదలికను ఇప్పుడు వెనక్కి వెళ్ళి చూశాను. అప్పుడు షేరు ఒకే ఊపులో దాదాపు 100 రూపాయలు ఎక్కింది, ఏటీఆర్ 6.5. రెండు పక్కలా 20 చొప్పున పోగా మిగిలినదే నాకు వచ్చిన 60. మీ లెక్క కుదిరింది.

అంతర్వేది_రేవు
మా రేవులో పడవ వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. పోటు పూర్తిగా ఎక్కాక పడవ వదిలితే అప్పటికే పాటు మొదలవుతుంది. పాటు పూర్తిగా దిగాక వెనక్కి తిప్పితే మళ్ళీ పోటు. రోజంతా తెడ్డు వేసి ఉన్నచోటే ఉంటారు.

రావులపాలెం_రాజు
అందుకే కదా 4 పెట్టమంటున్నాను! 4 × 6 = 24. రేంజ్ 24. సిగ్నలే రాదు. నేను చెప్పింది మాస్టారి లెక్కలోనే తేలింది.

గోదారిగట్టు_మాస్టారు
రాజు గారూ, సగం నిజం. ఆ వారం రేంజ్ సరిగ్గా 24 దగ్గర ఆగింది కాబట్టి 4 కాపాడేది. అదే రేంజ్ 25 అయి ఉంటే? సిగ్నల్ వస్తుంది, కానీ రేంజ్ పైకప్పు దగ్గర కొంటారు, నేల దగ్గర అమ్ముతారు. సూత్రంలో పెట్టండి: 2 × 24 – 25 = 23. మూడుతో 11 పోయే చోట నాలుగుతో 23 పోతుంది. ట్రేడ్ల సంఖ్య తగ్గవచ్చు, కానీ ఒక్కోటీ రెట్టింపు దెబ్బ.

లైను దూరం రేంజ్ వెడల్పుకు కొద్దిగా తక్కువ ఉన్నప్పుడే నష్టం అన్నిటికంటే ఎక్కువ. 5 పెడితే దూరం 30, ఈ రేంజ్‌లో అసలు కదలదు. కానీ మంచి ట్రెండ్ వచ్చినప్పుడు రెండు పక్కలా 30 చొప్పున 60 వదులుకోవాలి. పోయిన నెల ఏటీఆర్ 6.5 కాబట్టి ఆ 100 కదలికలో భీమవరం గారికి 5తో మిగిలేది 35.

రావులపాలెం_రాజు
నాకు నాలుగుతో రెండేళ్ళలో నష్టం రాలేదు మాస్టారూ. లెక్క కాదనను, నా ఖాతా కూడా అబద్ధం చెప్పదు కదా.

గోదారిగట్టు_మాస్టారు
మీరు ఏ టైమ్‌ఫ్రేమ్?

రావులపాలెం_రాజు
రోజు క్యాండిల్. కొనడమే, షార్ట్ వెళ్ళను.

గోదారిగట్టు_మాస్టారు
అయితే రెండేళ్ళలో మీకు ఎన్ని ట్రేడ్లు వచ్చి ఉంటాయి, పదో పన్నెండో. షార్ట్ లేదు కాబట్టి రేంజ్‌లో నష్టం సగమే. అది మంచి పద్ధతే కావచ్చు. కానీ 15 నిమిషాల చార్ట్ మీద రెండు వైపులా ఆడేవారికి దాన్నే రుజువుగా చూపలేం.

పాలకొల్లు_లక్ష్మి
నేను సూపర్‌ట్రెండ్ వాడను, పారాబోలిక్ సార్ చుక్కలు వాడతాను. అందులో లైను ఒకచోట ఆగిపోయే బాధ లేదు, చుక్కలు ధర వెంటే వస్తాయి. రేంజ్‌లో అదే మేలనుకుంటున్నాను. కాదా?

గోదారిగట్టు_మాస్టారు
లక్ష్మి గారూ, రేంజ్‌లో దాని ఇబ్బంది ఇంకో రకం. సూపర్‌ట్రెండ్‌ను ధర కొట్టాలి. సార్‌ను కాలం కూడా కొడుతుంది.

రేపటి చుక్క ఎక్కడ పడుతుందంటే: నేటి చుక్కకు, ఇప్పటిదాకా వచ్చిన గరిష్ఠానికి మధ్య ఉన్న దూరంలో కొంత శాతం ముందుకు. ఆ శాతం 2తో మొదలై, కొత్త గరిష్ఠం వచ్చినప్పుడల్లా 2 పెరుగుతూ 20 దగ్గర ఆగుతుంది. సార్‌ను తయారుచేసిన వైల్డర్ 1978లో తన పుస్తకంలో ఇచ్చిన అంకెలే ఇప్పటికీ అన్ని చార్టుల్లోనూ ఉన్నాయి. సూపర్‌ట్రెండ్ నిలబడే ఏటీఆర్ కూడా అదే పుస్తకంలోనిదే.

భీమవరం గారి షేరే తీసుకుందాం. చుక్క 1490, గరిష్ఠం 1512, మధ్య దూరం 22. నాలుగో మెట్టు మీద ఉంది కాబట్టి శాతం 8. ఇప్పుడు షేరు 1504 దగ్గర కదలకుండా కూర్చుందనుకోండి. తర్వాతి చుక్క 22లో 8 శాతం, అంటే 1.76 జరిగి 1491.76. దాని తర్వాత 1493.38. ఇలా పదమూడో క్యాండిల్ దగ్గర చుక్క 1504 దాటుతుంది. షేరు ఒక్క రూపాయి కూడా పడలేదు, మూడు గంటల పైచిలుకు నిలబడింది, అంతే. మీరు బయటపడతారు, షార్ట్ కూడా అయిపోతారు. శాతం 20కి చేరి ఉంటే ఐదు క్యాండిల్స్ చాలు.

షార్ట్ అయ్యాక కొత్త చుక్క ఎక్కడ మొదలవుతుంది? పాత గరిష్ఠం 1512 దగ్గర. అంటే రేంజ్ మధ్యలో షార్ట్, పైకప్పు దగ్గర స్టాప్.

పాలకొల్లు_లక్ష్మి
అందుకేనా మధ్యాహ్నం 12 నుంచి 2 మధ్య నాకు ఎప్పుడూ ఉత్త పుణ్యానికి స్టాప్ కొట్టేది! షేరు పడలేదు, చుక్క ఎందుకు తిరిగిందా అని తల పట్టుకునేదాన్ని. శాతాన్ని 2 బదులు 1 మెట్టుతో పెంచితే?

గోదారిగట్టు_మాస్టారు
నెమ్మదిస్తుంది. షేరు నిలబడితే ఎక్కువసేపు ఆగగలరు. కానీ నిజంగా పడితే ఎక్కువ ఇచ్చి బయటపడతారు. నేనైతే సార్‌ను బయటికి రావడానికి మాత్రమే వాడతాను, తిరగబడి షార్ట్ వెళ్ళడానికి వాడను. ట్రెండ్‌లో ఉన్నప్పుడు అది స్టాప్‌ను బిగించే తీరు నిజంగా బాగుంటుంది.

అంబాజీపేట_కొబ్బరి
అడగొచ్చో లేదో తెలియదు. మాది కొబ్బరి వ్యాపారం. రోజూ మార్కెట్‌లో ఎండు కొబ్బరి క్వింటాల్ ధర పుస్తకంలో రాస్తాను, మూడేళ్ళ లెక్క ఉంది. మా అబ్బాయి దాన్ని ఎక్సెల్‌లో పెట్టి సూపర్‌ట్రెండ్ వేశాడు. ధర రెండు మూడు వారాలు ఒకేచోట ఉంటుంది, తర్వాత 50 రూపాయలు మారగానే లైను తిరిగిపోతుంది. సరుకు ఆపాలా అమ్మాలా తెలియడం లేదు.

కాకినాడ_కోడింగ్
బాబాయ్, రోజుకు ఒకటే ధర కాబట్టి గరిష్ఠం, కనిష్ఠం లేవు కదా. అబ్బాయి ఏటీఆర్ ఎలా తీశాడు?

అంబాజీపేట_కొబ్బరి
నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తీసుకుని సగటు వేశాడట.

గోదారిగట్టు_మాస్టారు
అంతకంటే మార్గం లేదు, కానీ ఇబ్బంది అక్కడే ఉంది. మూడు వారాలు ధర కదలకపోతే ఆ సగటు సున్నా వైపు పోతుంది. మూడు రెట్ల సున్నా సున్నానే, లైను వచ్చి ధరను అంటుకుని కూర్చుంటుంది. ఇక చిన్న మార్పు వచ్చినా తిరుగుతుంది. మీ పుస్తకానికి ఏటీఆర్ వదిలేసి, మీ అనుభవంలో ఎంత మారితే నిజమైన మార్పు అంటారో ఆ రూపాయలనే స్థిరమైన దూరంగా పెట్టించండి.

భీమవరం గారూ, మీ చార్ట్‌లో కూడా ఇదే చిన్న మోతాదులో జరిగింది. ఏటీఆర్ 6 నుంచి 5కి దిగినప్పుడు లైను 18 దూరం నుంచి 15కి దగ్గరైంది. ఆ తర్వాత ఒడుదొడుకు పెరిగి ఏటీఆర్ మళ్ళీ 6 అయినా లైను వెనక్కి జరగదు. మీ 1493 షార్ట్ వచ్చిన క్యాండిల్ ఎన్ని గంటలకు?

భీమవరం_మేతకొట్టు
9:15 క్యాండిల్, 9:30కి ముగిసింది! 1505లో పచ్చబడింది మాత్రం మధ్యాహ్నం.

గోదారిగట్టు_మాస్టారు
అనుకున్నాను. నిన్న మధ్యాహ్నపు నెమ్మదిలో దగ్గరికొచ్చిన లైను, ఇవాళ పొద్దుటి పెద్ద క్యాండిల్. నేను మొదటి క్యాండిల్ మీద వచ్చిన మలుపుకు కొత్త పొజిషన్ తీసుకోను. ఉన్నది ఉంటే మాత్రం మూసేస్తాను.

తణుకు_శ్రీను
ఇంత లెక్కలెందుకండీ, ట్రెండ్ బలం కొలిచే ఏడీఎక్స్ 25 పైన ఉంటేనే సూపర్‌ట్రెండ్ సిగ్నల్ తీసుకోండి.

పాలకొల్లు_లక్ష్మి
@తణుకు_శ్రీను నేను అది పెట్టి చూశాను శ్రీను గారూ. ట్రెండ్ అయిపోయి రేంజ్ మొదలైనప్పుడు ఏడీఎక్స్ ఇంకా 35, 30 అంటూ మెల్లగా దిగుతుంది. అది 25 కిందికి వచ్చేలోపే రెండు దెబ్బలు పడిపోయాయి. తర్వాత అసలు కదలిక వచ్చినప్పుడు 18 దగ్గర ఉంది, ఆ ట్రేడ్ తీసుకోనివ్వలేదు.

తణుకు_శ్రీను
దిగుతున్న ఏడీఎక్స్ వదిలేయాలి, ఎక్కుతున్నదే చూడాలి. దాంతో మొదటి బాధ తగ్గుతుంది. రెండోది ఒప్పుకుంటాను.

కాకినాడ_కోడింగ్
మాస్టారి సూత్రాన్నే చార్ట్ మీద వేస్తే నయం కదా. రేంజ్ ఎన్ని ఏటీఆర్‌లుందో కింద ఒక గీతగా వస్తుంది:

```
//@version=5
indicator("Range / ATR")
w = (ta.highest(high, 40) - ta.lowest(low, 40)) / ta.atr(10)
plot(w)
hline(3)
hline(6)
```

3 కింద ఉంటే (10, 3) సాధారణంగా తిరగదు. 3కీ 6కీ మధ్య ఉంటే ఆ మలుపు నమ్మకూడదు. 6 దాటితే ట్రెండ్.

గోదారిగట్టు_మాస్టారు
మొదటి రెండూ సరే తమ్ముడూ. మూడోది అలా రాయకు. ఏ దిక్కూ లేకుండా తడబడే ధర కూడా 40 క్యాండిల్స్‌లో వర్గమూలం 40, అంటే ఇంచుమించు 6 ఏటీఆర్‌ల మేర తిరుగుతుంది. కాబట్టి 6 దాటగానే ట్రెండ్ అనలేం. 4 కనిపిస్తే మాత్రం ఆ షేరు మామూలుకంటే ఇరుకులో ఉందని గట్టిగా చెప్పవచ్చు.

కాకినాడ_కోడింగ్
నిజమే, ఆ పోలిక నాకు తట్టలేదు. మరి 40 బదులు 75 తీసుకుంటే, అంటే 15 నిమిషాల చార్ట్‌లో మూడు రోజులు?

గోదారిగట్టు_మాస్టారు
తీసుకో. అప్పుడు మామూలు వెడల్పు 8, 9 మధ్య వస్తుంది. అయితే పాత ట్రెండ్ తాలూకు గరిష్ఠం ఆ కిటికీలో ఎక్కువ రోజులు ఉండిపోయి రేంజ్ మొదలైన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. రెండిట్లో ఏది మేలో నేను తేల్చుకోలేదు.

భీమవరం_మేతకొట్టు
కొట్టు మూసి వచ్చి ఆ కోడ్ వేశాను. నా మొదటి నష్టం రోజు గీత 6.8, ఎందుకంటే వెనక ఉన్న పాత పతనం లెక్కలోకి వచ్చింది. రెండో ట్రేడ్‌కు 5.1. మూడో ట్రేడ్ నుంచి చివరిదాకా 4, 4.3 మధ్యే. అంటే 3 – 6 మధ్య ఉన్నవి వదిలేసి ఉంటే మొదటి 12 పోయేది, మిగతా 59 మిగిలేది.

ఒక్క సందేహం. ఇలా ఇరుకులో ఉన్నప్పుడు సిగ్నల్ వదిలేశాననుకోండి. ఏదో ఒక రోజు అదే ఇరుకు నుంచి షేరు నిజంగా బయటికి పోతుంది కదా. పోయిన నెల 100 రూపాయల కదలిక మొదలైన క్యాండిల్ దగ్గర చూస్తే గీత 4.4 ఉంది. ఆ సిగ్నల్ కూడా వదిలేసేవాణ్ణి.

తణుకు_శ్రీను
నేను అన్నదీ అదే, ఏ ఫిల్టర్‌కైనా ఈ బాధ ఉంటుంది.

గోదారిగట్టు_మాస్టారు
అవును, దానికి పూర్తి జవాబు లేదు. నేను చేసేది చెబుతాను. గీత ఇరుకులో ఉన్నప్పుడు సూపర్‌ట్రెండ్ రంగు చూసి కొనను, రేంజ్ పైకప్పు చూస్తాను. మీ షేరులో 1506 దగ్గర పచ్చబడితే కదలను. 1512 పైన 15 నిమిషాల క్యాండిల్ ముగిస్తే కొంటాను, స్టాప్‌గా సూపర్‌ట్రెండ్ లైనే పెట్టుకుంటాను. 6 రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నట్టే. కానీ రేంజ్ లోపలి ఆరు మలుపుల్లో ఒక్కటీ నా దగ్గరికి రాదు. దొంగ బ్రేకవుట్ వస్తే మాత్రం నాకూ 18 పోతుంది.

రావులపాలెం_రాజు
1512 పైన ముగిసి వెంటనే 1500కి వచ్చేవి ఎన్ని చూడలేదు మాస్టారూ! దాన్ని కూడా ఎవరైనా లెక్క పెట్టాలి.

భీమవరం_మేతకొట్టు
నేను పెడతాను రాజు గారూ. ఈ షేరులోనే ఆరు నెలల చార్ట్ తీసి, గీత 6 కింద ఉన్నప్పుడు వచ్చిన ప్రతి మలుపును మాస్టారి పద్ధతిలో ఒకటి, పాత పద్ధతిలో ఒకటి చేత్తో రాస్తాను. అది అయ్యేదాకా లాటు పెట్టను. మాస్టారూ, రేంజ్ పైకప్పు అంటే 40 క్యాండిల్స్ గరిష్ఠం తీసుకోవాలా, లేక కంటికి కనిపించేదా?

గోదారిగట్టు_మాస్టారు
40 క్యాండిల్స్‌దే తీసుకోండి. కంటితో చూస్తే తర్వాత ఏం జరిగిందో తెలిసిపోయి మనకు నచ్చిన చోట గీస్తాం. ఇంకో సంగతి, బ్రేకవుట్ క్యాండిల్‌ను ఆ 40లో కలపకండి, దాని ముందువి 40 లెక్క పెట్టండి.

భీమవరం_మేతకొట్టు
సరే మాస్టారూ. ఆదివారం మొదలుపెడతాను.